ఇంట్లో పిల్లి ఉంటే టీ ట్రీ ఆయిల్ డిఫ్యూజర్ పెట్టొచ్చా?

ప్రశ్న: "మాది రాయగడ. మూడేళ్ల మగ పిల్లి ఉంది, ఆపరేషన్ చేయించలేదు. వచ్చే వారం అత్తగారు వాళ్లు వస్తున్నారు, ఇల్లంతా పిల్లి వాసన. ఆన్‌లైన్‌లో డిఫ్యూజర్, టీ ట్రీ ఆయిల్ తెప్పించాను. సీసా మీద నేచురల్ అని ఉంది. నిన్న రాత్రి పది చుక్కలు వేసి పెడితే పిల్లి నాలుగైదు సార్లు తుమ్మింది. పక్కింటామె అది పిల్లికి విషం అంటున్నారు. నిజమేనా? మరి ఇంటికి మంచి వాసన ఎలా తేవాలి?"

పక్కింటామె చెప్పింది నిజమేనమ్మా. ముందు డిఫ్యూజర్ ఆపేయండి. కిటికీలు తెరిచి ఫ్యాన్ వేయండి. అందులో మిగిలిన నీళ్లు పారబోసి, సీసా మూత గట్టిగా బిగించి బీరువాలో పెట్టండి. తర్వాత పిల్లిని ఒళ్లో పడుకోబెట్టుకుని, వీపు మీద బొచ్చులోకి ముక్కు పెట్టి వాసన చూడండి. ఆ నూనె వాసన వస్తే ఇవాళే స్నానం చేయించండి, ఎలాగో కింద చెప్తాను. ఒక రాత్రి పెట్టినందుకు, నాలుగు తుమ్ములకు కంగారు పడక్కర్లేదు. కానీ చొంగ కారుతున్నా, నడుస్తుంటే వెనక కాళ్లు తూలుతున్నా, పట్టుకుంటే ఒళ్లు వణుకుతున్నా ఇది చదవడం ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

నేను పర్లాకిమిడిలో ఇరవై రెండేళ్లుగా పశువుల డాక్టరుగా పనిచేస్తున్నాను. మొదట్లో వచ్చేవన్నీ ఆవులు, మేకలే. ఈ ఏడెనిమిదేళ్ల నుంచి పిల్లులు ఎక్కువయ్యాయి. వాటితో పాటే ఈ నూనె సీసాలు కూడా ఇళ్లలోకి వచ్చాయి. ఇలాంటి కేసులు చూశాను కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

డిఫ్యూజర్ నుంచి వచ్చేది వాసన ఒక్కటే అనుకుంటాం. మీరు కొన్నది నీళ్లు పోసి స్విచ్ వేస్తే తెల్లటి పొగలా వదిలే రకం అయితే, అది పొగ కాదు. నీటిని, నూనెను కలిపి కంటికి కనపడనంత చిన్న తుంపరలుగా కొట్టి గాల్లోకి వదులుతుంది. ఆ తుంపరలు ఎక్కడో ఒకచోట వాలాలి కదా. నమ్మకం కుదరకపోతే పిల్లిని వేరే ఇంట్లో ఉంచిన రోజు ఒకసారి చూడండి. శుభ్రంగా కడిగి తుడిచిన స్టీలు పళ్లెం డిఫ్యూజర్‌కి రెండడుగుల దూరంలో అరగంట ఉంచి, తర్వాత వేలితో రాయండి. వేలికి జిడ్డు తగులుతుంది, వేలి గుర్తు పళ్లెం మీద పడుతుంది. ఆ పళ్లెం ఉన్నచోట మీ పిల్లి పడుకుని ఉంటే ఆ జిడ్డంతా దాని బొచ్చు మీదే ఉండేది.

మన ఒంటి మీద పడితే చెయ్యి కడుక్కుంటాం. పిల్లికి ఒళ్లు కడుక్కునే సాధనం నాలుకే. రోజులో మెలకువగా ఉన్న టైంలో చాలా భాగం ఒళ్లు నాక్కోవడంలోనే గడుపుతుంది. ఆ నాలుక మీద గొంతు వైపు వంగిన చిన్న ముళ్లుంటాయి. బొచ్చులో ఏముంటే అది దువ్వెనతో తీసినట్టు తీసుకుని నేరుగా కడుపులోకి పంపిస్తుంది. అంటే బొచ్చు మీద పడిన నూనె కాసేపటికి నోట్లో పోసిన నూనె అవుతుంది. పైగా ఈ నూనెలు కొవ్వులో కరిగే రకం కాబట్టి చర్మం గుండా కూడా తొందరగా ఒంట్లోకి దిగుతాయి. కుక్క ఉన్న ఇంట్లోనూ జాగ్రత్త కావాలి, కానీ కుక్క ఇంతగా ఒళ్లు నాక్కోదు.

అసలు ఇబ్బంది లివర్ దగ్గర వస్తుంది. కొవ్వులో కరిగే పదార్థం మూత్రంలో బయటికి పోవాలంటే ముందు నీళ్లలో కరిగేలా మారాలి. అందుకు మన లివర్ దానికి గ్లూక్యురానిక్ యాసిడ్ అనే ఒక తోకలాంటిది అతికిస్తుంది. ఆ అతికించే పని చేసే ఎంజైములు చాలానే ఉన్నాయి. వాటిలో ఫినాల్ జాతి పదార్థాలను చూసుకునే ముఖ్యమైన ఎంజైమును తయారుచేసే జన్యువు పేరు UGT1A6. పిల్లిలో ఆ జన్యువు పాడైపోయి ఉంటుంది. మీ పిల్లిలోనే కాదు, పిల్లి జాతి మొత్తంలో, పులి, సింహం దాకా అంతే. ఇవన్నీ మాంసం మీద బతికేవి. మొక్కల్లో ఉండే ఘాటైన పదార్థాలను తిని అరిగించుకునే అవసరం వీటికి రాలేదు. అవసరం లేని పని చేసే జన్యువు తరాలు గడిచేకొద్దీ చెడిపోయినా ఆ జాతికి నష్టం తెలియలేదు. ఇప్పుడు మనం ఆ మొక్కల సారాన్నే సీసాలో పోసి ఇంట్లోకి తెచ్చాం. మన ఒంట్లోంచి కొన్ని గంటల్లో పోయేది పిల్లి ఒంట్లో రోజుల తరబడి తిరుగుతుంది.

పారాసిటమాల్ పిల్లిని చంపేస్తుందని వినే ఉంటారు. దాని వెనక ఉన్నదీ ఇదే లోపం. జ్వరం వచ్చిందని సగం మాత్ర వేసి తీసుకొచ్చినవాళ్లను చూశాను. దయచేసి ఎప్పుడూ వేయకండి, పిల్లల సిరప్ కూడా వద్దు.

టీ ట్రీ అంటే టీ పొడి వచ్చే మొక్క కాదు, ఆస్ట్రేలియా చెట్టు. దాని ఆకుల్ని ఆవిరి పట్టి తీసిన నూనెలో మూడో వంతు నుంచి సగం దాకా టెర్పినెన్-4-ఆల్ అనే పదార్థమే ఉంటుంది. క్రిముల్ని చంపేది అదే కాబట్టి మొటిమలకు, చుండ్రుకు రాస్తారు. అమెరికాలో జంతువుల విష చికిత్సకు సలహా ఇచ్చే కేంద్రానికి 2002 నుంచి 2012 దాకా వచ్చిన కేసుల్ని లెక్కవేసి 2014లో ప్రచురించారు. నీళ్లు కలపని టీ ట్రీ నూనె తగిలిన కుక్కలు, పిల్లులు కలిపి 443. అందులో పిల్లులు 106. చాలామంది యజమానులు పొరపాటున ఒలకబోసుకున్నవాళ్లు కాదు, మంచి జరుగుతుందని చేతులారా రాసినవాళ్లే. తగిలిన నూనె 0.1 మిల్లీలీటరు నుంచి ఉంది. ఒక మిల్లీలీటరుకు సుమారు ఇరవై చుక్కలు, కాబట్టి 0.1 అంటే రెండు చుక్కలు. చిన్న వయసు, తక్కువ బరువు ఉన్న పిల్లుల్లో జబ్బు తీవ్రంగా వచ్చింది.

ఈ లెక్క ఎందుకు చెప్తున్నానంటే, మీరు వేసిన పది చుక్కలు అర మిల్లీలీటరు. అదంతా పిల్లి మీద పడదు, గదంతా పరుచుకుంటుంది, అందుకే మీ పిల్లి తుమ్ములతో సరిపెట్టుకుంది. అదే గది చిన్నదై, తలుపులు వేసి, రోజూ రెండు మూడు గంటలు పెడితే సంగతి వేరు. ఇంకా పెద్ద ప్రమాదం ఆ పరికరాన్ని పిల్లి కిందకి తోసేసి, ఒలికిన నీళ్లలో కాళ్లు పెట్టి నాక్కోవడం. మేజా మీద వస్తువుల్ని పంజాతో కిందకి తోసే అలవాటు లేని పిల్లిని నేనింతవరకు చూడలేదు.

ఒక కేసు చెప్తాను. మూడేళ్ల కిందట, వానాకాలం. మధ్యాహ్నం ఒంటిగంటకి మా దగ్గర్లోని ఊరి నుంచి తండ్రీ కొడుకులు అయిదు నెలల పిల్లిని గంపలో పెట్టుకుని వచ్చారు. బరువు కిలో నాలుగు వందల గ్రాములు. వెనక కాళ్లు ఈడుస్తోంది, తల వణుకుతోంది, నోటి వెంట చొంగ. పాము కరిచిందని వాళ్ల అనుమానం. మాకు వానల్లో కట్లపాములు ఇళ్లలోకి వస్తాయి కాబట్టి నేనూ ముందు అదే అనుకున్నాను. కరిచిన గాటు కోసం మెడ మీద బొచ్చు విడదీస్తుంటే మొటిమల క్రీము వాసన గుప్పుమంది. ఏం రాశారు బాబూ అని అడిగితే కుర్రాడు అప్పుడు చెప్పాడు. బొచ్చులో గెంతే పురుగులు పోతాయని ఎక్కడో చూసి, పొద్దున తొమ్మిదింటికి మెడ మీద, వీపు మీద పన్నెండు చుక్కలు వేశాడట. పదకొండున్నరకి పిల్లి తూలడం మొదలెట్టింది. అది చూసి భయపడి, నూనెను నూనెతో తీయొచ్చని కొబ్బరి నూనె రాసి గుడ్డతో తుడిచాడు. దాంతో ఘాటు నూనె ఒళ్లంతా పరుచుకుంది. కొబ్బరి వాసనకి పిల్లి ఇంకా ఎక్కువ నాక్కుంది.

థర్మామీటర్ పెడితే 97 డిగ్రీలు. పిల్లికి మామూలుగా 100.5 నుంచి 102.5 దాకా ఉండాలి. ఈ విషంలో ఒళ్లు చల్లబడటం పెద్ద గుర్తు. అలాంటి పిల్లికి స్నానం చేయించడం రెండంచుల కత్తి. కడక్కపోతే విషం ఎక్కుతూనే ఉంటుంది, కడిగితే ఇంకా చల్లబడుతుంది. గోరువెచ్చటి నీళ్లు సిద్ధం చేసుకుని గిన్నెలు తోమే లిక్విడ్‌తో మూడుసార్లు కడిగాం. ఒక్కోసారి నురగ పట్టించి ఒక నిమిషం ఉంచి కడగడం, ముక్కు పెట్టి చూడటం. మూడోసారికి వాసన పోయింది. పొడి తువ్వాలుతో తుడిచి, వేడినీళ్ల సీసాలకు గుడ్డ చుట్టి అటూ ఇటూ పెట్టాం. వెచ్చబెట్టిన సెలైన్ చర్మం కిందికి ఇచ్చాం. వణుకు తగ్గడానికి కండరాలను సడలించే మందు ఇచ్చాను. ఈ విషానికి విరుగుడు మందంటూ లేదు. ఒళ్లు వెచ్చగా, నీరసపడకుండా ఉంచుతూ లివర్ తన పని తాను మెల్లగా చేసుకునేదాకా కాపలా కాయడమే. రెండో రోజు రక్తపరీక్షలో లివర్ ఎంజైములు కాస్త పెరిగాయి. మూడో రోజు సాయంత్రం చేప ముక్క తింది. అయిదో రోజుకి గెంతింది. ఆ కుర్రాడు మూడు రోజులూ స్కూలు వదలగానే వచ్చి దాని పక్కన కూర్చునేవాడు.

అన్నీ అలా బతకవు. 1998లో వచ్చిన ఒక వైద్య నివేదికలో మూడు పిల్లులకు పురుగుల కోసమని బొచ్చు గొరిగి, నీళ్లు కలపని టీ ట్రీ నూనె పట్టించారు. చికిత్స చేసినా అందులో ఒకటి మూడో రోజున చనిపోయింది.

కాబట్టి మీ ఇంట్లో ఎప్పుడైనా నూనె ఒలికి పిల్లికి అంటితే, డాక్టరు దగ్గరికి బయల్దేరే ముందే కడిగేయండి. రాయగడ నుంచి విశాఖ తీసుకెళ్లాలంటే రైల్లో గంటల ప్రయాణం, అంతసేపు అది నాక్కుంటూనే ఉంటుంది. గిన్నెల లిక్విడ్, గోరువెచ్చటి నీళ్లు, పైన చెప్పినట్టు వాసన పోయేదాకా. షాంపూ చాలదు, జిడ్డు వదలదు. తడి ఆరేదాకా తువ్వాలులో చుట్టి వెచ్చగా ఉంచండి. నాక్కోకుండా ఒకరు పట్టుకుని ఉండాలి. ఉప్పు నీళ్లు పోసి వాంతి చేయించే పని మాత్రం వద్దు. వాంతిలో ఈ నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా రావొచ్చు, అది విషం కంటే ముందే ప్రాణం తీయొచ్చు. పాలు కూడా పట్టకండి. సీసాని కవర్లో వేసుకుని వెంట తీసుకెళ్లండి. లేబుల్ చూస్తే డాక్టరుకి సగం పని తేలికవుతుంది. లక్షణాలు మామూలుగా రెండు గంటల నుంచి పన్నెండు గంటల్లోపు మొదలవుతాయి, మూడు రోజుల దాకా ఉండొచ్చు. గంట గడిచినా బాగానే ఉంది కదా అని వదిలేయకూడదు.

ఇక సీసా మీద నేచురల్ అని ఉన్న మాట. మన పక్కన గంజాం జిల్లా ఉంది కదా, బరంపురం, ఛత్రపురం చుట్టుపక్కల పొలాల గట్ల మీద మొగలి పొదలు చూసే ఉంటారు. ఆ పూలను రాగి డేగిసాల్లో ఆవిరి పట్టి కేవడా నూనె తీస్తారు. మిఠాయిల్లో, అత్తరుల్లో వాడే ఆ నూనెలో కూడా ఈ టెర్పినెన్-4-ఆల్ ఉంటుంది. ఒక మొగలి రేకు బీరువాలో పెట్టుకుంటే ఎవరికీ ఏమీ కాదు. వందల పూల సారం ఒక చిన్న సీసాలోకి దిగినప్పుడు అది వేరే వస్తువు. పువ్వు సహజమే, నూనే సహజమే. తేడా అంతా మోతాదులో ఉంది. అందుకని టీ ట్రీ ఒక్కటి మానేసి నీలగిరి తైలం, లవంగ నూనె, దాల్చిన చెక్క నూనె, పుదీనా నూనె, నిమ్మ నారింజ తొక్కల నూనె, వింటర్‌గ్రీన్ లాంటివి వాడదామనుకోకండి. పిల్లి ఉన్న ఇంట్లో ఇవేవీ డిఫ్యూజర్‌లో పోయదగ్గవి కావు. లవంగ నూనెలో ఉండే యూజెనాల్ అయితే అసలు ఫినాల్ జాతిదే. వింటర్‌గ్రీన్ అంటే నొప్పుల బాముల్లో వచ్చే ఆ వాసన. అది ఆస్పిరిన్‌కు చుట్టం, పిల్లికి ఆస్పిరినూ గండమే. మోకాళ్లకు బాము రాసుకున్నవాళ్లు పిల్లిని కాసేపు ఒళ్లోకి రానివ్వకుండా ఉంటే మంచిది.

మీ ఇంట్లో ఇప్పటికే ఉండి ఉండే వస్తువు ఇంకొకటి ఉంది. ఎవరూ దాన్ని అనుమానించరు. నీళ్లలో పోస్తే పాలలా తెల్లబడే ఫినాయిల్. దేవదారు జాతి చెట్ల నుంచి వచ్చే పైన్ ఆయిలే దానికి ఆధారం. నల్ల ఫినాయిల్ అయితే తారు నుంచి తీసిన ఫినాల్స్. పిల్లి తడి నేల మీద నడిచి అరికాళ్లు నాక్కుంటుంది. రోజూ పొద్దున ఫినాయిల్‌తో తుడిచే ఇళ్ల నుంచి నోటిపూతతో, అరికాళ్లు కమిలి వచ్చిన పిల్లుల్ని డిఫ్యూజర్ కేసుల కంటే ఎక్కువ చూశాను. నేల తుడవడానికి వేడి నీళ్లలో కొంచెం బట్టల సబ్బు పొడి వేసి, మళ్లీ మామూలు నీళ్లతో తుడిస్తే చాలు. బీరువాల్లో వేసే కలరా ఉండలు కూడా పిల్లికి విషమే. కర్పూరం బిళ్లలు దోమలు పోతాయని నీళ్ల గిన్నెలో వేసి గది మూల పెడతారు, అదీ వద్దు. హారతి ఇచ్చే ఒక్క బిళ్ల వేరు, కిటికీ తెరిచి ఉంచితే చాలు.

ఇప్పుడు మీ అసలు ఇబ్బందికి వస్తాను. ఆపరేషన్ చేయించని మూడేళ్ల మగ పిల్లి అన్నారు. మీ ఇంట్లో ఉన్నది పిల్లి వాసన కాదమ్మా, మగ పిల్లి మూత్రం వాసన. మగ పిల్లి మూత్రంలో ఫెలినిన్ అనే పదార్థం ఎక్కువగా ఉంటుంది. మొదట దానికి వాసన తక్కువే. గాలికి ఆరేకొద్దీ అది విరిగి గంధకం ఉన్న పదార్థాలు బయటపడతాయి, ఆ ఘాటు అక్కడి నుంచే. నిన్నటి మరక కంటే మొన్నటి మరక ఎక్కువ కంపు కొట్టేది అందుకే. మగ హార్మోను ఉన్నంతకాలం ఫెలినిన్ తయారవుతూనే ఉంటుంది. దాని మీద ఏ సుగంధం చల్లినా రెండు వాసనలూ కలిసి ఇంకా ముక్కు పగులుతుంది. పైగా కొత్త ఘాటు వాసన వచ్చిందంటే మగ పిల్లి తన హద్దు పోయిందనుకుని మళ్లీ గోడల మీద చల్లుతుంది. డిఫ్యూజర్ పెట్టిన ఇళ్లలో వాసన తగ్గకపోగా పెరిగిందని చెప్పినవాళ్లున్నారు, కారణం ఇదే.

ఆపరేషన్ చేయించండి. మగ పిల్లికి అది చిన్న పని, మత్తు దిగాక అదే రోజు ఇంటికి తీసుకెళ్లొచ్చు. పదింటిలో తొమ్మిది పిల్లులు చల్లడం మానేస్తాయి లేదా బాగా తగ్గిస్తాయి. కొన్ని వెంటనే, కొన్ని కొన్ని వారాలకు. అత్తగారు వచ్చేలోపు పూర్తి ఫలితం రాదు, అయినా ఇప్పుడు మొదలుపెడితేనే వచ్చే నెలకి తేడా తెలుస్తుంది.

ఈ వారంలో చేయగలిగింది మరకల్ని వెతికి కడగడం. నోట్లు చూసే చిన్న యూవీ టార్చి మూడు నాలుగు వందలకి దొరుకుతుంది. రాత్రి లైట్లన్నీ ఆర్పి, తలుపుల అంచులు, కర్టెన్ల కింది భాగం, సోఫా వెనక, గ్యాస్ సిలిండరు పక్కన వేసి చూడండి. మూత్రం పడినచోట లేత పసుపుపచ్చగా మెరుస్తుంది. నేల మీద కంటే గోడకి జానెడు, జానెడున్నర ఎత్తులో ఎక్కువ కనిపిస్తాయి. నిలబడి తోక ఎత్తి వెనక్కి చల్లుతుంది కాబట్టి అక్కడే పడతాయి. సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి. పొద్దున ఎంజైమ్ క్లీనర్ అని పెంపుడు జంతువుల సామాన్ల దగ్గర దొరికేది పోసి, సీసా మీద రాసినంతసేపు తడిగా ఉంచి తుడవండి. చాలామంది పోసిన వెంటనే తుడిచేసి పనిచేయలేదంటారు. ఎంజైములు మూత్రాన్ని విరగ్గొట్టడానికి టైం కావాలి, పాత మరకకి రెండుసార్లు పట్టొచ్చు. బ్లీచింగ్ మాత్రం మూత్రం మీద పోయకండి. మూత్రంలోని అమ్మోనియాతో కలిసి కళ్లు మండే విషవాయువు వస్తుంది, మీకూ పిల్లికీ ఇద్దరికీ చెరుపే.

దొడ్డికి ట్రేలో ఏం పోస్తున్నారో రాయలేదు. రాయగడలో చాలామంది నాగావళి ఇసుక వాడతారు. ఇసుక గడ్డకట్టదు, మూత్రమంతా అడుక్కి దిగిపోతుంది. పైన శుభ్రంగా కనిపిస్తూ అడుగున కుళ్లుతుంటుంది. ఇసుకే వాడేటట్టయితే రెండు రోజులకోసారి మొత్తం పారబోసి, ట్రే సబ్బుతో కడిగి ఎండలో బోర్లించి ఆరబెట్టి, అడుగున పలుచగా వంటసోడా చల్లి కొత్త ఇసుక పోయండి. గడ్డకట్టే రకం కొంటే పూటకోసారి గడ్డలు తీసేస్తే వాసన చాలా తగ్గుతుంది. సువాసన కలిపినవి వద్దు, పిల్లి ఆ ట్రేలోకి వెళ్లడం మానేసి మీ మంచం కింద పోస్తుంది.

ఇంత చేశాక ఇంటికి సువాసన కోసం పెద్దగా తంటాలు పడక్కర్లేదు. మల్లెలు పిల్లికి విషం కావు, గులాబీలూ కావు. ఇత్తడి గిన్నెలో నీళ్లు పోసి సాయంత్రం గుప్పెడు మల్లెమొగ్గలు వేస్తే రాత్రంతా హాలు నిండుతుంది. మల్లెలు దొరకని రోజుల్లో వట్టివేళ్ల చాప కిటికీకి కట్టి మధ్యాహ్నం నీళ్లు చిలకరించండి, గాలి వచ్చినప్పుడల్లా చల్లగా మంచి వాసన వస్తుంది. వేళ్లు మాత్రమే, వట్టివేళ్ల నూనె కాదు. అగరుబత్తి పూజ దగ్గర ఒక్కటి చాలు, కిటికీ పక్కన పెట్టి. సాంబ్రాణి వేసేటప్పుడు పిల్లిని పెరట్లో ఉంచి, పొగంతా పోయాక లోపలికి రానివ్వండి. వాటికీ ఉబ్బసం ఉంటుంది. మెడ ముందుకు చాచి, నేలకి కరుచుకుని దగ్గుతుంటే గొంతులో బొచ్చు ఉండ అడ్డుపడిందనుకుంటాం, అది తరచూ ఉబ్బసమే.

పూలలో ముఖ్యంగా ఒకదానితో జాగ్రత్త. మన వాళ్లు లిల్లీ పూలు అని దండల్లో కట్టేవి, ఒడియా వాళ్లు రజనీగంధ అనేవి, అసలు లిల్లీలు కావు. వాటి గురించి కాదు నేను చెప్పేది. విశాఖ నుంచో భువనేశ్వర్ నుంచో బొకేల్లో వచ్చే, అరచేయంత వెడల్పుగా, మధ్యలో నారింజ రంగు పుప్పొడి రాలే పెద్ద పూలున్నాయే, అవి నిజమైన లిల్లీలు. వాటి పుప్పొడి ఒంటి మీద పడి నాక్కున్నా, వాజులో నీళ్లు తాగినా పిల్లి కిడ్నీలు రెండు మూడు రోజుల్లో పాడవుతాయి. అత్తగారు వాళ్లు వస్తూ ఎవరైనా అలాంటి బొకే పట్టుకొస్తే గుమ్మం బయటే తీసుకుని పక్కింటామెకి ఇచ్చేయండి.

కొన్న డిఫ్యూజర్ పారేయడం ఇష్టం లేకపోతే సబ్బుతో రెండుసార్లు కడిగి ఉత్త నీళ్లు పోసి వాడుకోవచ్చు, వేసవిలో గాలి పొడిబారినప్పుడు పనికొస్తుంది. ఇవాళ్టి నుంచి మూడు రోజులు మాత్రం పిల్లి తిండి, నడక గమనించండి. ఎప్పుడూ గెంతే కిటికీ గట్టు మీదికి ఒక్క ఊపులో గెంతుతోందా, లేక తడబడి ముందు కాళ్లతో పాకుతోందా చూడండి. వెనక కాళ్ల బలం తగ్గితే మొదట తెలిసేది అక్కడే.